చదరపు మీటరుకు ఐదు లీటర్లు: బేస్‌మెంట్ మట్టికి చెదల మందు లెక్క

పునాదులు లేచి, ప్లింత్ బీములు పడి, వాటి మధ్య ఖాళీల్లో మొరం నింపి, నీళ్లు పెట్టి దిమ్మిస కొట్టాక, పైన బెడ్డు కాంక్రీటు పడేలోపు కొద్ది రోజుల వ్యవధి దొరుకుతుంది. ఇంటికి చెదల మందు సరిగ్గా వేయించడానికి మళ్లీ రాని అదను అదే. బెడ్డు పడ్డాక ఆ మట్టి కంటికి కనపడదు, చేతికి అందదు. తర్వాత ఎప్పుడైనా మందు వేయాలంటే గోడల అంచుల వెంట నేలను డ్రిల్లు చేసి ఎక్కించాలి. అలా ఎక్కించిన మందు నేల కింద అంతటా సమంగా పరుచుకుందని ఎవరూ పూచీ పడలేరు.

ఆ అదనులో మన ఊళ్లలో ఎక్కువగా జరిగేది ఇది. ఒక మనిషి స్ప్రేయరు వీపున తగిలించుకుని వస్తాడు, గదుల్లో అటూ ఇటూ నడుస్తూ కొడతాడు, గంటలో పని ముగించి వెళ్తాడు. మందు వాసన గుప్పుమంటుంది, మట్టి రంగు మారుతుంది, ఇంటాయన తృప్తి పడతాడు. మందు పడిందని వాసన చెబుతుంది గాని ఎంత పడిందో చెప్పదు. ఎంత పడాలో మాత్రం స్పష్టంగా రాసి ఉంది. కట్టడానికి ముందు వేసే చెదల మందుకు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 6313, రెండో భాగం. ప్లింత్ గోడల మధ్య నింపిన మట్టి పైభాగానికి అది చెప్పే మోతాదు చదరపు మీటరుకు 5 లీటర్లు. అడుగుల్లో చెప్పుకుంటే నూరు చదరపు అడుగులకు సుమారు 46 లీటర్లు.

ఈ ఒక్క అంకెను సరిగ్గా అర్థం చేసుకుంటే ఇంటాయన తన పని తానే తనిఖీ చేసుకోగలడు. అయితే దీన్ని రెండు చోట్ల తప్పుగా చదువుతారు. మొదటిది, 5 లీటర్లు దేనివి? డబ్బాలో వచ్చే అసలు మందువి కావు, నీళ్లలో కలిపాక తయారైన ద్రావణానివి. రెండోది, చదరపు మీటరు దేనిది? మందు తడపబోయే మట్టిది. ప్లానులో రాసి ఉండే ప్లింత్ ఏరియా, అంటే గోడల బయటి అంచు నుంచి బయటి అంచు వరకు కొలిచిన విస్తీర్ణం, ఇక్కడి కొలత కాదు. ఈ రెండో తప్పు వల్ల లెక్క ఒకచోట పెరుగుతుంది, మరోచోట బాగా తరుగుతుంది. అది ఎలాగో ఒక ఇంటిని తీసుకుని చూద్దాం. దానికి ముందు ఆ 5 లీటర్లు మట్టిలో చేసే పనేమిటో తెలియాలి.

ఇళ్లకు పట్టే చెదలు దాదాపు అన్నీ నేలలో కాపురం ఉండేవే. పుట్టలు పెట్టే ఒడొంటోటెర్మిస్ జాతి చెదలు అలాంటివి. భూమిలోని తేమ లేకుండా అవి ఎక్కువసేపు బతకలేవు. అందుకే గోడ మీద తిరిగేటప్పుడు కూడా తమ చుట్టూ మట్టి గొట్టం కట్టుకుంటూ వెళ్తాయి. తలుపు చట్రంలోనో పుస్తకాల బీరువాలోనో కనపడే చెదలు పైనుంచి వచ్చినవి కావు. నేల కింది మట్టి నుంచి గచ్చుకూ గోడకూ మధ్య సందులోంచో, కాంక్రీటు పగులులోంచో, పైపు పక్క ఖాళీలోంచో ఎక్కినవి. కాబట్టి అవి ఎక్కే దారి మొత్తానికి అడ్డంగా మందు తాగిన మట్టి పొర ఒకటి ఎక్కడా తెగకుండా ఉండాలి. మందు వేయడమంటే ఆ పొరను తయారు చేయడం. ఉన్న నాలుగు చెదలను అప్పటికప్పుడు చంపడం ఇందులో చిన్న భాగమే.

చదరపు మీటరు మీద 5 లీటర్లు పోస్తే 5 మిల్లీమీటర్ల ఎత్తున నిలుస్తుంది. వాతావరణ శాఖ వాన కొలిచే లెక్కలో అది 5 మిల్లీమీటర్ల వాన. అంటే మట్టి పైన తుంపర పడినట్టు కాకుండా, ఒక మోస్తరు జల్లు కురిసి లోపలికి ఇంకినట్టు ఉండాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీల్లోకి ఆ ద్రావణం దిగినప్పుడే దళసరి పొర ఏర్పడుతుంది.

ఇక్కడ కొందరు పనివాళ్లు ఒక అడ్డదారి చెబుతారు. ‘‘నీళ్లు తగ్గించి మందు చిక్కగా కలిపాం సార్, బలం ఎక్కువ, తక్కువ కొట్టినా సరిపోతుంది’’ అంటారు. గ్రాముల లెక్కలో అది నిజం లాగే కనపడుతుంది. రెట్టింపు చిక్కదనంతో సగం ద్రావణం పోస్తే మట్టిలో పడే విషం అంతే. కానీ ఆ విషమంతా పైనున్న పలచటి పొరలోనే చిక్కుకుపోతుంది. ఆ తర్వాత కూలీలు దాని మీద నడుస్తారు, రాళ్లు పరుస్తారు, తాపీతో గీస్తారు. పలచటి పొర తెగడానికి అది చాలు. నీళ్లు ఇక్కడ మందును లోతుకు మోసుకెళ్లే వాహనం. అందుకే ప్రమాణంలో చిక్కదనం ఎంతో వేరుగా, పరిమాణం ఎంతో వేరుగా రాశారు. రెండూ నెరవేరాలి, ఒకటి రెండోదానికి బదులు కాదు.

ఇప్పుడు ఇల్లు. బయటి కొలత 12 మీటర్లు, 9 మీటర్లు. ప్లింత్ ఏరియా 108 చదరపు మీటర్లు, అంటే 1,160 చదరపు అడుగులకు కాస్త పైన. గోడలన్నీ 230 మిల్లీమీటర్లవి, మన తొమ్మిదంగుళాల గోడలు. పొడవునా మధ్యలో ఒక గోడ, దానికి అడ్డంగా రెండు గోడలు. మొత్తం ఆరు సమానమైన గదులు. నిజం ఇళ్లలో గదులు ఇంత సమానంగా ఉండవు. లెక్క తేలిగ్గా అందడానికి ఇలా తీసుకుందాం.

గోడల మందం తీసేస్తే ఒక్కో గది లోపలి కొలత సుమారు 3.69 మీటర్లు, 4.155 మీటర్లు. ఒక గది మట్టి విస్తీర్ణం 15.35 చదరపు మీటర్లు. ఆరు గదులకు 92. ప్లింత్ ఏరియా 108 అయినా, తడపాల్సిన మట్టి 92 మాత్రమే. మిగిలిన 16 చదరపు మీటర్లు గోడల కింద బీములు ఆక్రమించిన చోటు. 92ను 5తో గుణిస్తే 460 లీటర్ల ద్రావణం. ఒక గదికి 77 లీటర్లు.

వీపున తగిలించుకునే స్ప్రేయర్లు సాధారణంగా 16 లీటర్లు పట్టేవి. 460 లీటర్లు పోయాలంటే అది 29 సార్లు నిండాలి, ఖాళీ కావాలి. మన ఇంటాయన చూస్తుండగా ఆ మనిషి నాలుగు సార్లు నింపి వెళ్లిపోయాడనుకోండి, పడింది 64 లీటర్లు. చదరపు మీటరుకు 0.7 లీటరు. కావలసినదాంట్లో ఏడో వంతు కూడా సరిగా లేదు. మందు అసలైనదే కావచ్చు, పాళ్లు సరిగ్గానే కలిపి ఉండవచ్చు. అయినా పొర ఏర్పడదు. ఈ ఒక్క లెక్క కోసమైనా ఆ రోజు ఇంటివాళ్లలో ఒకరు అక్కడ నిలబడి, ఎన్నిసార్లు నింపారో కాగితం మీద గీతలు పెట్టుకోవడం మంచిది.

తరవాత అసలు మందు. మార్కెట్లో ఈ పనికి ఎక్కువగా కనపడేవి మూడు. క్లోర్‌పైరిఫాస్ 20 శాతం ఇ.సి. మందును 1 శాతం ద్రావణంగా వాడాలి. అంటే ఒక లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. మన 460 లీటర్లకు 23 లీటర్ల మందు. ఇదే క్లోర్‌పైరిఫాస్ 50 శాతం డబ్బాల్లోనూ దొరుకుతుంది. దానికైతే ఒక లీటరుకు 49 లీటర్ల నీళ్లు, మొత్తం 9.2 లీటర్లు చాలు. డబ్బాలు లెక్కపెట్టే ముందు శాతం చదవాలని చెప్పేది ఇందుకే. బైఫెంత్రిన్ 2.5 శాతం ఇ.సి. అయితే 0.05 శాతం ద్రావణం కావాలి. లీటరుకు 20 మిల్లీలీటర్లు, మొత్తం 9.2 లీటర్లు.

మూడోది ఇమిడాక్లోప్రిడ్ 30.5 శాతం ఎస్.సి. ద్రావణం 0.075 శాతం ఉండాలి. లేబులు ప్రకారం లీటరు నీళ్లకు 2.1 మిల్లీలీటర్లు. 460 లీటర్లకు లీటరు కంటే కొంచెం తక్కువ, 966 మిల్లీలీటర్లు. శాతాలతో మీరే భాగించి చూస్తే 1,130 దాకా వస్తుంది, తేడా ఎందుకని అనుమానం కలుగుతుంది. ఆ 30.5 శాతం తూకం లెక్క. మందు నీళ్లకంటే బరువైనది కాబట్టి 1,130 గ్రాముల మందు సీసాలో అంతకంటే తక్కువ మిల్లీలీటర్లే ఉంటుంది. కొలిచి కలిపేటప్పుడు లేబులు మీద రాసిన మిల్లీలీటర్లే పాటించాలి.

చూడండి, ఒకే ఇంటికి ఒక మందు 23 లీటర్లు, మరొకటి లీటరులోపు. ‘‘ఎంత మందు వేశారు?’’ అని అడిగితే దీనివల్ల ఏ జవాబూ తప్పుగా వినపడదు. కలిపాక ద్రావణం ఎన్ని లీటర్లయిందని అడిగితేనే పని తేలుతుంది. ఏ మందైనా 460 లీటర్లే.

కలపడానికి 200 లీటర్ల డ్రమ్ము అనువుగా ఉంటుంది. డ్రమ్ముకు 20 శాతం క్లోర్‌పైరిఫాస్ 10 లీటర్లు, లేదా ఇమిడాక్లోప్రిడ్ 420 మిల్లీలీటర్లు. ముందు సగం నీళ్లు పోసి, మందు పోసి, కర్రతో బాగా తిప్పి, మిగతా నీళ్లు పోయాలి. సీలు తీయని డబ్బాలు పని జరిగే చోటికే రావాలి, ఇంటివాళ్ల ఎదుటే తెరవాలి. ఇంటి దగ్గరే కలిపి డ్రమ్ముల్లో తెచ్చామంటే అందులో ఏముందో తెలుసుకునే దారి ఉండదు.

పోసే పద్ధతిలో నాకు అన్నిటికంటే నమ్మకమైనది గళ్ల పద్ధతి. గది నేల మీద తాడుతోనో సుద్దపొడితోనో 2 మీటర్లు, 2 మీటర్ల గళ్లు గీయాలి. అడుగుల్లో ఆరున్నర, ఆరున్నర. ఒక్కో గడి 4 చదరపు మీటర్లు, దానికి 20 లీటర్లు. అంటే గడికి ఒక 20 లీటర్ల బకెట్టు. మొక్కలకు నీళ్లు పోసే జల్లి క్యానుతో ఆ గడి అంతా సమంగా పోయాలి. మన గదికి ఇలా నాలుగు బకెట్లకు కాస్త తక్కువ, ఇంటికి మొత్తం 23 బకెట్లు. స్ప్రేయరే వాడినా ఇదే గళ్లలో, తక్కువ పీడనంతో వాడాలి. గట్టిగా కొడితే తుంపర గాలిలో తేలి కొట్టేవాడి ముఖానికి తగులుతుందే గాని మట్టిలోకి దిగదు.

బాగా దిమ్మిస కొట్టిన మట్టి అంత ద్రావణాన్ని వెంటనే తాగదు. పైన నిలుస్తుంది, పల్లానికి పారుతుంది. ‘‘ఇంక పట్టదు సార్’’ అని పనివాళ్లు ఆపేది ఇక్కడే. దానికి ప్రమాణంలోనే మార్గం ఉంది. 12 మిల్లీమీటర్ల కడ్డీతో నేలంతా 150 మిల్లీమీటర్ల ఎడంలో, అంటే అరడుగుకొకటి చొప్పున, 50 నుంచి 75 మిల్లీమీటర్ల లోతు రంధ్రాలు పొడవాలి. చదరపు మీటరుకు 44 దాకా వస్తాయి. ఒక గదికి 680 దాకా. పని ఎక్కువే, కానీ ఇద్దరు మనుషులు ఒక పూట కూర్చుంటే అయిపోతుంది. రంధ్రాలు పడ్డాక ద్రావణాన్ని ఒకేసారి కాకుండా విడతలుగా పోస్తే, పైన పారేది లోపలికి దిగుతుంది. అంత దిమ్మిస కొట్టిన మట్టికి రంధ్రాలెందుకు, గుల్లవుతుందేమోనని మేస్త్రీలు జంకుతారు. రెండు మూడంగుళాల లోతు సన్నటి రంధ్రాలతో నింపుడు మట్టి బలం పోదు.

ఇంతవరకు అయింది నేల మధ్య భాగం. అసలు చెదలు ఎక్కువగా ఎక్కే దారి మాత్రం గోడ, నేల కలిసే అంచు. కాంక్రీటు ఆరుతూ కొద్దిగా కుంచించుకుంటుంది, బీముకూ బెడ్డుకూ మధ్య వెంట్రుకవాసి సందు పడుతుంది. చెదకు అది చాలు. అందుకే ప్రమాణం ఈ అంచుకు వేరే మోతాదు పెట్టింది. నిలువు ఉపరితలానికి చదరపు మీటరుకు 7.5 లీటర్లు. బేస్‌మెంట్ లెక్కలో చాలామంది పూర్తిగా వదిలేసే భాగం ఇదే.

ముందు గది చుట్టూ గోడ అంచు వెంట 30 మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతున చిన్న కాలువ తీస్తారు. ఆ కాలువలో 150 మిల్లీమీటర్లకొకటి చొప్పున కడ్డీని నేలమట్టం దాకా దింపి, ముందుకూ వెనక్కూ ఆడించి మట్టిని వదులు చేస్తారు. తర్వాత కాలువ వెంట ద్రావణం పోస్తారు. అది గోడను అంటుకుని అడుగుదాకా దిగాలి. ఇంకిన తర్వాత మట్టిని తిరిగి సర్ది గట్టి చేస్తారు.

మన ఇంట్లో బయటి నేల నుంచి నింపుడు మట్టి పైభాగం వరకు ఎత్తు 450 మిల్లీమీటర్లు, అంటే అడుగున్నర అనుకుందాం. ఒక గది చుట్టుకొలత 15.7 మీటర్లు, ఆరు గదులకు 94.2 మీటర్లు. దాన్ని 0.45తో గుణిస్తే 42.4 చదరపు మీటర్ల నిలువు ఉపరితలం. 7.5 చొప్పున 318 లీటర్లు. మీటరు పొడవుకు 3.4 లీటర్ల దాకా, కడ్డీ దింపిన ఒక్కో రంధ్రానికి అర లీటరు. ఒక 20 లీటర్ల బకెట్టు ఆరు మీటర్ల పొడవుకు వస్తుంది.

నేల 460, అంచులు 318, కలిపి 778 లీటర్లు. ఇప్పుడు ప్లింత్ ఏరియా అంకె దగ్గరికి తిరిగి రండి. 108ని 5తో గుణించి 540 లీటర్లని లెక్క తేల్చినవాళ్లు గోడల కింది చోటుకు 80 లీటర్లు అనవసరంగా కలిపారు, అంచులకు కావలసిన 318 లీటర్లు పూర్తిగా మరిచారు. నిజానికి ఈ ఇంటికి పట్టేది ప్లింత్ ఏరియా చదరపు మీటరుకు 7.2 లీటర్లు. ఈ అంకె ప్రతి ఇంటికీ ఒకటి కాదు. గదులు చిన్నవై గోడలెక్కువైతే పెరుగుతుంది, బేస్‌మెంట్ ఎత్తు పెంచితే పెరుగుతుంది, పెద్ద హాలు ఉంటే తగ్గుతుంది. కాబట్టి ఏదో ఇంటి అంకె తెచ్చి మన ఇంటికి పెట్టకూడదు, గదులు కొలుచుకోవాలి.

అయితే బిల్లులన్నీ ప్లింత్ ఏరియా మీదే ఎందుకు ఉంటాయి? అది కేవలం డబ్బు కొలత. కేంద్ర ప్రజాపనుల శాఖ నిబంధనల్లో కూడా కట్టడానికి ముందు చేసే చెదల చికిత్సకు కొలత కింది అంతస్తు ప్లింత్ ఏరియాయే. నేల, అంచులు, పునాది పక్కలు వేర్వేరుగా కొలిచి బిల్లు కట్టడం కష్టం కాబట్టి అన్నిటినీ ఒక రేటులో ఇమిడ్చారు. రేటులో అన్నీ ఉన్నాయి గనక పనిలోనూ అన్నీ ఉండాలి. ప్రైవేటు ఇళ్ల దగ్గర రేటు మాత్రం చదరపు అడుగుకింత అని మాట్లాడుకుంటారు, అందులో ఏయే భాగాలున్నాయో ఎవరూ రాసుకోరు. అక్కడే పని జారిపోతుంది. కాగితం మీద ఈ మాటలు ఉంటే చాలు: మందు పేరు, దాని శాతం, నేలకు చదరపు మీటరుకు 5 లీటర్లు, అంచులకు 7.5 లీటర్లు, ఈ ఇంటికి మొత్తం ద్రావణం ఇన్ని లీటర్లు. మేడ పైన ఎన్ని అంతస్తులు వేసినా వాటి విస్తీర్ణానికి ఈ పనిలో డబ్బు అడగడానికి లేదు, ఆ శ్లాబుల కింద మట్టి లేదు.

లీటర్లు సరిగ్గా పడినా పొర చెడిపోయే సందర్భాలు కొన్ని ఉన్నాయి. వాటిలో ఎక్కువగా చూసేది పైపుల వ్యవహారం. మందు పోశాక ప్లంబరు వచ్చి బాత్రూమ్ పైపు కోసం గాడి తవ్వుతాడు. ఆ గాడి పొడవునా పొర తెగినట్టే. చెదలకు పైపు పక్కనున్న వదులు మట్టి మంచి దారి. పైపుల పని ముందే పూర్తి కావాలి. నేలలోంచి లేచే ప్రతి పైపు చుట్టూ 150 మిల్లీమీటర్ల దూరం, 75 మిల్లీమీటర్ల లోతు మట్టిని వదులు చేసి, అప్పుడు మందు పోయాలి. మందు పోశాక ఎక్కడ తవ్వినా, ఆ చోటుకు మళ్లీ పోయాల్సిందే.

తడి మట్టి రెండోది. వాన కురిసిన మర్నాడో, దిమ్మిసకు నీళ్లు పెట్టిన వెంటనేనో మట్టి ఖాళీలు నీళ్లతో నిండి ఉంటాయి, ద్రావణానికి చోటుండదు. పోసింది పక్కకు పారుతుంది. పోసిన తర్వాత, ఇంకే లోపు వాన వస్తే మందు కొట్టుకుపోతుంది. మబ్బు పట్టిన రోజు ఈ పని పెట్టుకోకూడదు. మందు ఇంకాక బెడ్డు వేయడం ఎంత ఆలస్యమైతే అంత నష్టం. ఎండకు మందు విరిగిపోతుంది, నడకకు పొర చెదురుతుంది. బెడ్డుకు కంకర, ఇసుక, మనుషులు సిద్ధంగా ఉన్నాకే మందు వాళ్లను పిలవాలి.

మూడోది, పొర వేసే చోటు. మందు పడాల్సింది దిమ్మిస కొట్టిన మట్టి మీద, ఇసుక పరుపు వేయకముందు. పని సులువని కొందరు రాళ్లు పరిచి, ఇసుక పోసి, ఆపైన కొడతారు. ఇసుక తొందరగా తాగేస్తుంది, చూడ్డానికి బాగుంటుంది. కింది మట్టికి మాత్రం చేరాల్సినంత చేరదు. ఇంకా ఘోరం, బెడ్డు కాంక్రీటు మీద కొట్టడం. అది చెదల మందు లెక్కలోకి రాదు.

నింపిన మట్టిలో కర్రముక్కలు, సెంట్రింగు చెక్కలు, చెట్ల వేళ్లు ఉండిపోతే అవి చెదలకు మేత. పైన ఎంత మంచి పొర ఉన్నా కింద వాటికి తిండి పెట్టి కూర్చోబెట్టినట్టు అవుతుంది. దిమ్మిసకు ముందే ఏరి పారేయాలి.

ద్రావణం లోపలికి దిగిందో లేదో చూడటానికి పెద్ద పరికరాలేమీ అక్కర్లేదు. పోసిన గంట రెండు గంటల తర్వాత గదికొక చోట తాపీతో చిన్న గుంట తీసి తడి ఎంత లోతుకు దిగిందో చూడాలి. పైన తోలు మందాన తడి, కింద పొడి మట్టి కనపడితే ఆ గడికి రంధ్రాలు సరిగా పడలేదనో, ద్రావణం తక్కువ పడిందనో అర్థం. ఆ గడికి మళ్లీ పోయించి, తీసిన గుంటను అదే మట్టితో పూడ్చి, దాని మీద కూడా కాస్త పోయాలి. చూసేవాళ్లు చేతికి తొడుగు లేకుండా ఆ మట్టిని ముట్టకూడదు.

ఈ మందులు విషాలన్న సంగతి పనివాళ్లే ఎక్కువగా మరిచిపోతారు. వట్టి చేతులతో కలపడం, లుంగీతో, చెప్పుల్లేకుండా పోయడం సర్వసాధారణం. రబ్బరు చేతి తొడుగులు, బూట్లు, ముక్కుకు మాస్కు, కళ్లద్దాలు లేనివాళ్లను పనిలోకి దించకూడదు. లేకపోతే ఇంటాయనే కొనిపెట్టాలి, ఆ ఖర్చు పెద్దది కాదు. క్లోర్‌పైరిఫాస్ ఒంటికి పట్టినా పీల్చినా చొంగ కారడం, చెమటలు, తల తిరగడం, కంటిపాపలు చిన్నవి కావడం వంటివి మొదలవుతాయి. అలా కనపడితే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లి, డబ్బా లేబులును డాక్టరుకు చూపాలి. బావి, బోరు, నీళ్ల సంపు దగ్గర ఇంకా జాగ్రత్త. సంపు గోడలకు ఆనుకుని ఉన్న మట్టిలోకి ద్రావణం పారకుండా గట్టు కట్టాలి. డబ్బాలు, కలిపిన బకెట్లు మళ్లీ ఇంటి వాడకానికి పనికిరావు.

బేస్‌మెంట్ నేలతో పని పూర్తి కాదు. పునాది గుంటల్లో, కాలమ్‌ల పక్క మట్టి తిరిగి నింపేటప్పుడే మొదటి విడత పడి ఉండాలి. చివరి విడత ఇంటి బయటి చుట్టూ. ఇల్లు పూర్తయి, ప్రహరీ లోపల మట్టి చదును చేశాక, గోడ పక్కనే 150 మిల్లీమీటర్లకొకటి చొప్పున 300 మిల్లీమీటర్ల లోతు రంధ్రాలు దింపి పోయాలి. మన ఇంటి బయటి చుట్టుకొలత 42 మీటర్లు. 300 మిల్లీమీటర్ల లోతుకు 12.6 చదరపు మీటర్లు. 7.5 లీటర్ల చొప్పున 95 లీటర్లు, అయిదు బకెట్లకు కాస్త తక్కువ. బేస్‌మెంట్ సమయంలోనే ఈ పని కూడా చేసేశామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. అప్పటికి బయటి మట్టి ఇంకా తవ్వుతూ, పూడుస్తూ ఉంటారు, వేసినా నిలవదు. కాబట్టి మొత్తం డబ్బు బేస్‌మెంట్ రోజునే ఇచ్చేయకుండా ఈ విడత కోసం కొంత ఆపి ఉంచుకోవాలి. ఇది పూర్తయ్యాక గోడ పక్కన మొక్కల కోసం తవ్వడం, గోడను ఆనించి మట్టి ఎత్తుగా పోయడం చేస్తే చెదలు మందున్న మట్టిని తాకకుండా పైనుంచి దాటి గోడ ఎక్కుతాయి. అలా పోసిన కొత్త మట్టికి కూడా ఇదే మోతాదులో మందు వేయించాలి, లేదా ఆ మట్టిని తీసేయాలి.